తెల్ల నక్షత్రం కింద నల్ల పెన్ను

మా వీధి చివర రిటైరైన లెక్కల మేష్టారు ఒకరున్నారు. చాక్‌పీసు పట్టిన చేత్తోనే ఇప్పుడు సెల్‌ఫోను పట్టుకుని పాత ఫౌంటెన్ పెన్నుల కోసం వెతుకుతుంటారు. మొన్న ఉదయం కాఫీ తాగుతూంటే ఆయన దగ్గర్నుంచి వరసగా నాలుగు ఫొటోలు, వాటి వెనకాలే ఒక వాయిస్ మెసేజ్ వచ్చాయి. "చూడవోయ్, మాంట్‌బ్లాంక్ నూట నలభై ఆరు. పద్దెనిమిది వేలకి ఇస్తానంటున్నాడు. వాళ్ల మేనమామ ఎనభై ఐదులో జర్మనీ నుంచి తెచ్చాడట. సాయంత్రంలోగా చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాట్ట. తీసుకోమంటావా?"

ఫొటోల్లో పెన్ను బ్రహ్మాండంగా ఉంది. నల్లటి నలుపు, బంగారు రంగు క్లిప్పు, మూత తల మీద తెల్ల నక్షత్రం. మొదటి ఫొటో అయితే మరీ బాగుంది. తెల్లటి నేపథ్యం, ఎక్కడా వేలిముద్ర లేదు, ధూళి లేదు, నీడ కూడా కొలిచి పెట్టినట్టుంది. నాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది. ఇంట్లో మంచం మీద పెట్టి తీసిన ఫొటో అలా రాదు. ఆ బొమ్మనే తీసుకుని ఇంటర్నెట్‌లో బొమ్మతో బొమ్మను వెతికించాను. అది కంపెనీ ప్రచార చిత్రం. మిగతా మూడింటిలో ఒక పెన్ను నిజంగానే ఉంది కానీ, అవి ఎంత మసగ్గా ఉన్నాయంటే పాళీ మీద ఉన్నవి అక్షరాలో గీతలో తెలియలేదు.

"మేష్టారూ, ఈ ఫొటోలతో నేనేమీ చెప్పలేను. అతన్ని మళ్లీ తీసి పంపమనండి. పెన్ను పక్కన ఈ రోజు తేదీ, మీ పేరు రాసిన కాగితం ముక్క పెట్టమనండి" అన్నాను. తేదీ కాగితం ఎందుకో ఆయనకు విడమరచి చెప్పక్కర్లేకపోయింది. ఆ పెన్ను ఈ రోజు అతని చేతిలో ఉందని రుజువు అదొక్కటే.

ఎలా తీయాలో మాత్రం వివరంగా చెప్పాల్సి వచ్చింది. ఫోనును పెన్నుకు జానెడు దూరంలో పెట్టి తీస్తే కెమెరాకు దగ్గరగా ఉన్న భాగం ఉబ్బినట్టు, దూరంగా ఉన్నది కుంచించుకుపోయినట్టు వస్తుంది. అసలు క్లిప్పు కూడా ఆ ఫొటోలో వంకరగా కనిపిస్తుంది. అలాంటి ఫొటో చూసి మంచి పెన్నును నకిలీ అని తోసిపుచ్చినవాళ్లున్నారు, నేనూ ఒకసారి ఆ పని చేశాను. అందుకని మూరెడు వెనక్కి జరిగి, రెండు మూడు రెట్లు జూమ్ చేసి తీయాలి. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుగు చాలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటోను నలిపి చిన్నది చేస్తుంది, సన్నటి చెక్కుడంతా పిండి పిండి అవుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

సాయంత్రానికి కొత్త ఫొటోలు వచ్చాయి. పక్కన తేదీ కాగితం ఉంది. మేష్టారు కుర్చీ లాక్కుని నా కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

వాటిని చూసే ముందు ఈ పెన్ను సంగతి కాస్త చెప్పాలి. మాంట్‌బ్లాంక్ జర్మనీలోని హాంబర్గ్ కంపెనీ. ఆల్ప్స్ పర్వతాల్లోని శిఖరం పేరు పెట్టుకుంది. మూత మీది తెల్ల గుర్తు ఆ శిఖరం మీది మంచుకు సంకేతం. 1913 నుంచి ఆ నక్షత్రం వాళ్ల పెన్నుల మీద ఉంది. 1924లో మైస్టర్‌ష్టుక్ అనే వరస మొదలైంది. జర్మన్‌లో ఆ మాటకు పనివాడి గొప్ప పనితనం అని అర్థం. అందులో లావుపాటి 149 వచ్చింది 1952లో. దానికి తమ్ముడిలాంటిది 146. కొత్తది కొనాలంటే మేష్టారికి చెప్పిన ధరకు ఎన్నో రెట్లు పెట్టాలి. ఆకారం సాదా, రంగు నలుపు, గుర్తు ఒకటే, ధర ఆకాశంలో. నకలు చేసేవాడికి ఇంతకంటే అనువైన సరుకు దొరకదు.

ముందుగా పాళీ ఫొటో తెరిచాను.

మాంట్‌బ్లాంక్ పాళీ మీద 4810 అని అంకె ఉంటుంది. అది శిఖరం ఎత్తు, మీటర్లలో. తల మీది మంచు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది కాబట్టి శిఖరం ఎత్తు ప్రతి కొలతకూ కొంచెం మారుతుంది. 2023లో కొలిస్తే 4805 మీటర్ల పైచిలుకు వచ్చింది. పాళీ మీది అంకె మాత్రం మారలేదు. ఆ అంకెతో పాటు ఒక ఎమ్ అక్షరం, కంపెనీ పేరు, బంగారం క్యారట్, దాని పక్కన మూడంకెల స్వచ్ఛత గుర్తు ఉంటాయి.

ఆ మూడంకెలు మన ఇళ్లలో అందరికీ పరిచయమే. నగ కొనేటప్పుడు 916 చూస్తాం కదా, ఇరవై నాలుగులో ఇరవై రెండు పాళ్లు అంటే వెయ్యికి 916. అదే లెక్కన 18 క్యారట్ల పాళీ మీద 750, 14 క్యారట్ల పాళీ మీద 585 ఉండాలి. 14 అని రాసి పక్కన 750 అని కొట్టిన పాళీని ఇంకేమీ చూడకుండా పక్కన పెట్టేయొచ్చు. చౌక నకళ్లలో ఈ పొరపాటు ఉంటుంది. చెక్కేవాడికి ఆ అంకెలు అలంకారమే తప్ప లెక్క కాదు. మేష్టారికి ఇది మహా నచ్చింది. "భిన్నాలు రానివాడు దొంగతనానికి కూడా పనికిరాడన్నమాట" అన్నారు.

ఇక్కడొక తిరకాసు ఉంది. 146కి సాధారణంగా 14 క్యారట్ల పాళీ, 149కి 18 క్యారట్ల పాళీ ఉంటుంది. అలాగని 18 క్యారట్ల పాళీ ఉన్న పాత 146 కనిపించగానే నకిలీ అనేయకూడదు. ఫ్రాన్సులో ఒకప్పుడు 18 క్యారట్లకు తక్కువైతే బంగారం అని అమ్మనిచ్చేవారు కాదు. అందుకని ఆ దేశానికి పంపిన 146లకు 18 క్యారట్ల పాళీ వేశారు. 149లలోనూ కొన్నేళ్లపాటు 14 క్యారట్ల పాళీలు వచ్చాయి.

మేష్టారి ఫొటోలో పాళీ మీద అన్నీ సరిగ్గానే ఉన్నాయి. 4810 ఉంది, 14 ఉంది, 585 ఉంది, స్పెల్లింగ్ తప్పు లేదు. ఆయన ముఖం వికసించింది. నకలు చేసేవాళ్లు ఇప్పుడు తెలివి మీరారు, అక్షరాలు తప్పు రాయరు, కాబట్టి అక్షరం ఏమిటి అన్నది కాదు, ఎలా పడింది అన్నది చూడాలి అని చెప్పాను. దానికోసమే పాళీని రెండుసార్లు తీయించాను, ఒకసారి వెలుగు ఎడమ నుంచి, ఇంకోసారి కుడి నుంచి.

ఎందుకంటే లోహంలోకి లోతుగా దిగిన గీతకు రెండు గట్లుంటాయి, పొలంలో చాలులాగా. ఎడమ నుంచి వెలుగు పడితే ఒక గట్టు నీడలో ఉంటుంది, రెండోది మెరుస్తుంది. వెలుగు కుడి వైపుకు మారిస్తే నీడ, మెరుపు తారుమారవుతాయి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే ఈ తారుమారు స్పష్టంగా కనిపిస్తుంది. లేజర్‌తో పైపైన కాల్చిన గీతకు లోతుండదు. అది ఎటు నుంచి వెలుగు వేసినా ఒకే బూడిదరంగు మరకలా ఉంటుంది. మేష్టారి ఫొటోల్లో 4810కి నీడ మారింది. దాని చుట్టూ ఉన్న నగిషీ గీతలకు మాత్రం మారలేదు. అంటే అంకె ఒక పద్ధతిలో, అంచు నగిషీ ఇంకో పద్ధతిలో వేశారన్నమాట.

రెండోది రంగుల సరిహద్దు. ఇలాంటి పాళీల మీద పసుపు బంగారం కొంతమేర, దాని మీద రోడియం అనే తెల్లటి లోహపు పూత కొంతమేర ఉంటాయి. ఆ పూత ఎక్కడ ఆగాలో చెక్కిన గీతే చెబుతుంది. అసలు పాళీలో తెలుపు ఆ గీత దగ్గర గట్టు కట్టినట్టు ఆగిపోతుంది. ఈ ఫొటోను పెద్దది చేసి చూస్తే కుడి భుజం దగ్గర తెలుపు గీత దాటి పసుపులోకి కారింది. పారాణి పెట్టేటప్పుడు పిల్ల కాలు కదిపితే అంచు ఎలా చెదురుతుందో అలా. పాళీ మధ్య చీలిక కూడా గాలి రంధ్రం నుంచి మొనకు తిన్నగా దిగకుండా వెంట్రుకవాసి పక్కకు ఒరిగింది. చీలిక సంగతి నేను ఎక్కువ పట్టించుకోలేదు. పెన్ను ఒకసారి కింద పడితే అసలు పాళీ కూడా అలా వంగుతుంది. పూత అంచు మాత్రం కింద పడితే కారదు.

పసుపు ఎంత పసుపు అన్నది ఫొటోలో చూసి చెప్పకూడదని కూడా చెప్పాను. బల్బు వెలుగులో ఇత్తడి కూడా మేలిమి బంగారంలా ఉంటుంది. కెమెరా తనకు తోచినట్టు రంగు దిద్దుకుంటుంది. గిల్టు నగల దుకాణాల్లో అన్ని బల్బులెందుకు పెడతారో ఆడవాళ్లనడిగితే చెబుతారు.

తరవాత క్లిప్పు. ఇక్కడే ఆ రోజు కథ అడ్డం తిరిగింది.

మైస్టర్‌ష్టుక్ క్లిప్పు సాగదీసిన నీటిబొట్టులా ఉంటుంది. ఎక్కడా కోణం విరగకుండా గుండ్రటి చివర దాకా ఒకే ఒంపులో జారుతుంది. చివర మూతకు ఆనుతుంది. నకలు క్లిప్పును చాలాసార్లు పలుచటి రేకును మడిచి చేస్తారు. పై నుంచి చూస్తే తేడా తెలియదు. పక్క నుంచి చూస్తే మడత అంచు కనిపిస్తుంది, వెనక నుంచి చూస్తే లోపల గుల్లగా, కాలువలా ఉంటుంది. అందుకని క్లిప్పును మూడు వైపుల నుంచీ తీయమన్నాను. అమ్మేవాడు ముందు వైపు, పక్క వైపు పంపాడు. వెనక వైపు ఫొటో మసగ్గా ఉంది.

ఆకారం పోల్చడానికి నేను పెద్ద సాధనాలేమీ వాడను. కంపెనీ వాళ్ల 146 ఫొటో ఒకటి, మనకొచ్చిన ఫొటో ఒకటి తెర మీద పక్కపక్కన పెట్టి, మూత పొడవు రెండింటిలోనూ సమానమయ్యేదాకా ఒకదాన్ని పెంచుతాను. తరవాత ఒక కాగితం చీలిక తీసుకుని క్లిప్పు పొడవు దాని మీద గుర్తు పెట్టి, ఆ చీలికను రెండో ఫొటో మీదికి జరుపుతాను. దర్జీ టేపు లేనప్పుడు పాత జాకెట్టుతో కొలత తీసుకున్నట్టే. మేష్టారి పెన్నులో క్లిప్పు చివర మూత అంచు ఉంగరాలకు ఉండాల్సినదానికంటే దగ్గరగా దిగింది. తేడా చిన్నదే. కానీ ఫోను దూరంగా పెట్టి తిన్నగా తీసిన ఫొటో కాబట్టి ఆ తేడాను కెమెరా మీదికి నెట్టలేం.

ఆకారం కంటే ఎక్కువ మాట్లాడింది క్లిప్పు మొదట్లో ఉన్న ఉంగరం. దాని మీద సన్నటి అక్షరాలుంటాయి. జర్మనీ రెండుగా ఉన్న రోజుల్లో, 1980లలో, ఆ ఉంగరం మీద పశ్చిమ జర్మనీ అని సూచించే డబ్ల్యూ అక్షరంతో దేశం పేరు చెక్కేవారు. 1990లో దేశం ఒక్కటైంది, డబ్ల్యూ పోయింది. దాదాపు అదే సమయంలో, 1991 ప్రాంతంలో, ఉంగరం మీద సీరియల్ నంబరు చెక్కడం మొదలుపెట్టారు. 1990ల చివర్లో క్లిప్పు వెనక పిక్స్ అనే చిన్న ట్రేడ్‌మార్కు మాట చేరింది.

ఇప్పుడు ఫొటో చూడండి. ఉంగరం మీద డబ్ల్యూ లేని జర్మనీ ఉంది. సీరియల్ నంబరు ఉంది. మసక ఫొటోలో కూడా క్లిప్పు వెనక మూడక్షరాల మాట ఒకటి ఆనవాలుగా ఉంది. మేనమామ పెన్ను తెచ్చింది 1985లో అట.

"అంటే నకిలీ అన్నమాట" అన్నారు మేష్టారు.

అంత తొందర వద్దన్నాను. పెన్ను తొంభైల తరవాతది, కథ తప్పు, అంతవరకే తేలింది. ఇళ్లల్లో వస్తువుల పుట్టుపూర్వోత్తరాలు ఎవరికి సరిగ్గా గుర్తుంటాయి? మేనమామ రెండోసారి వెళ్లినప్పుడు తెచ్చి ఉండొచ్చు. కానీ ఆ పెన్ను మీదే డబ్ల్యూ అక్షరం, సీరియల్ నంబరు, పిక్స్ మాట మూడూ కలిసి ఉంటే అప్పుడు కథతో పని లేదు. ఒకే క్లిప్పు రెండు కాలాల్లో పుట్టదు. నకలు చేసేవాడు ఒక పాత పెన్ను ఫొటో, ఒక కొత్త పెన్ను ఫొటో పెట్టుకుని రెండింటిలోనూ ఉన్నవన్నీ ఒకదాని మీదే చెక్కినప్పుడు అలా జరుగుతుంది.

సీరియల్ నంబరు ఉంది కదా, అది చాలదా అని చాలామంది అడుగుతారు. ఆ నంబరు చెక్కడానికి ఎవడికైనా అరనిమిషం పడుతుంది. నకళ్లలో ఒకే నంబరును వందల పెన్నుల మీద కొడుతుంటారు. అమ్మేవాడు చూపించిన నంబరును ఇంటర్నెట్‌లో వెతికితే అదే నంబరు ఇంకో రెండు ఊళ్లలో అమ్మకానికి కనిపించిన సందర్భాలున్నాయి. నంబరు లేకపోవడం కూడా తప్పు కాదు. నిజంగా 1985 నాటి పెన్నయితే అసలు నంబరే ఉండకూడదు.

మూత అంచున మూడు ఉంగరాలుంటాయి. మధ్యది వెడల్పు, దాని మీద కంపెనీ పేరు, మైస్టర్‌ష్టుక్ అన్న మాట చుట్టూ చెక్కి ఉంటాయి. ఆ మాటలో యు అక్షరం మీద రెండు చుక్కలుండాలి. మేష్టారి ఫొటోలో చుక్కలున్నాయి. ఉంగరానికీ ఉంగరానికీ మధ్య నల్లటి సందు ఉంటుందే, అది కొన్ని నకళ్లలో నిజమైన సందు కాదు, ఒకే లోహపు పట్టీ మీద పూసిన నల్ల రంగు. వేలిగోరు తగిలేచోట ఆ రంగు రాలి కింద పసుపు బయటపడుతుంది. ఇందులో అలాంటిదేమీ కనపడలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఆ నకలు చేసినవాడు పనిమంతుడే.

ఇక బాడీ. నల్లటి నున్నటి వస్తువును ఫొటో తీస్తే వస్తువు కనపడదు, దాని మీద పడే ప్రతిబింబం కనపడుతుంది. అదే మనకు పనికొస్తుంది. ట్యూబ్‌లైటు కింద పెన్నును ట్యూబ్‌కు సమాంతరంగా పడుకోబెడితే బాడీ పొడవునా ఒక తెల్లటి గీత మెరుస్తుంది. ఆ గీతను చూడాలి. మాంట్‌బ్లాంక్ వాళ్లు తమ ప్లాస్టిక్‌ను ప్రెషస్ రెసిన్ అంటారు. దాన్ని అచ్చుపోసిన తరవాత మెరుగు పట్టి నునుపు చేస్తారు కాబట్టి అచ్చు గుర్తులు మిగలవు. ఆ మీద ట్యూబ్‌లైటు గీత దారం లాగి పట్టినట్టు, చివర సన్నబడేదాకా తొణక్కుండా సాగుతుంది. చౌకగా అచ్చుపోసి వదిలేసిన బాడీ మీద అదే గీత నీళ్లలో నీడలా అక్కడక్కడా వణుకుతుంది. వేడి ప్లాస్టిక్ చల్లారేటప్పుడు మందంగా ఉన్నచోట లోపలికి లాగుకుపోతుంది, ఆ పల్లం వేలికి తగలకపోయినా వెలుగుకు తెలుస్తుంది.

పెన్నును పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగు ఫొటోలు తీయమన్నది అందుకే. అచ్చు రెండు సగాలు కలిసేచోట మిగిలే అతుకు గీత బాడీకి ఒక పక్కన, దానికి సరిగ్గా ఎదురు పక్కన ఉంటుంది. ఒక్క ఫొటోలో ఆ గీత వెనక దాక్కోవచ్చు, నాలుగింటిలో దాక్కోలేదు. మొదటి, మూడో ఫొటోల్లో ట్యూబ్‌లైటు గీతను కోస్తూ వెంట్రుకంత సన్నటి అతుకు మరలు మొదలయ్యే చోటు నుంచి తోక దాకా వచ్చింది. రెండో, నాలుగో ఫొటోల్లో లేదు. మేష్టారు కళ్లజోడు పైకెత్తి తెరకు ముక్కు ఆనించి చూశారు. "ఎదురెదురు బిందువులు" అన్నారు నెమ్మదిగా.

ప్రెషస్ రెసిన్ గురించి ఇంకో పరీక్ష ప్రచారంలో ఉంది. చీకటి గదిలో సెల్‌ఫోను టార్చి వేసి బాడీని గానీ మూత అంచును గానీ దానికి అడ్డం పెడితే, నల్లగా కనిపించే రెసిన్ లోంచి దానిమ్మ గింజ లాంటి ఎరుపు మెరుస్తుంది. నకళ్లు ఎక్కువ భాగం నల్ల రాయిలా వెలుగును ఆపేస్తాయి. ఇది మంచి పరీక్షే కానీ దీని మీదే భారం వేయకూడదు. 1950ల నాటి 149లు సెల్యులాయిడ్‌తో చేసినవి, వాటి నుంచి ఈ ఎరుపును ఆశించకూడదు. ఈ పరీక్ష సంగతి తెలిసిన నకలువాళ్లు ప్లాస్టిక్‌లో ఎరుపు కలపడమూ నేర్చుకున్నారు. పైగా చీకటిలో కెమెరా వెలుగును తనంతట తాను పెంచేసుకుంటుంది, పలుచటి మామూలు నల్ల ప్లాస్టిక్ కూడా ఫొటోలో గోధుమ రంగుకు తిరుగుతుంది. కంటితో చూసేటప్పుడు పనికొచ్చేంతగా ఫొటోలో ఇది పనికిరాదు.

నక్షత్రానికి మాత్రం ఫొటో చక్కగా పనికొస్తుంది. అసలు గుర్తుకు ఆరు రేకలుంటాయి. వాటి కొనలు నందివర్ధనం రేకుల్లా మొద్దుగా, గుండ్రంగా ఉంటాయి, సూదిగా ఉండవు. ఆ తెలుపు నల్ల రెసిన్‌లో పొదిగి ఉంటుంది. కొన్ని నకళ్లలో నక్షత్రాన్ని అచ్చు వేసి దాని మీద పారదర్శకమైన బొడిపె అతికిస్తారు. తిన్నగా పై నుంచి తీస్తే రెండూ ఒకటే. కొంచెం వాలుగా తీస్తే గాజు పేపర్‌వెయిట్ కింది బొమ్మలా నక్షత్రం అంచు నుంచి జరిగి అడుగున మునిగినట్టుంటుంది. మనకొచ్చిన రెండు ఫొటోల్లో నక్షత్రం జరగలేదు, కానీ కొనలు కాస్త వాడిగా ఉన్నాయి.

అప్పటికి లెక్క ఇదీ. పాళీ మీది మాటలు సరైనవి, పూత అంచు చెదిరింది. క్లిప్పు మీది కాలాలు ఒకదానితో ఒకటి పొసిగాయి కానీ అమ్మేవాడి కథతో పొసగలేదు, పొడవు కొలతలో తేడా వచ్చింది. బాడీకి ఎదురెదురుగా అతుకులున్నాయి. వీటిలో నా దృష్టిలో బరువైనది అతుకే. పూత చెదరడానికి మరమ్మతు చేసినవాడి చేతివాటం కారణం కావచ్చు, కథలో తేదీ మరిచిపోవచ్చు, మెరుగుపెట్టిన బాడీ మీదికి అచ్చు గీత మళ్లీ రావడానికి మాత్రం దారి లేదు.

ఒకవేళ ఇవన్నీ బాగున్నా నేను "అసలుదే" అని చెప్పేవాణ్ని కాదు. ఫొటో చూసి నకిలీ అని నిక్కచ్చిగా చెప్పొచ్చు, అసలు అని చెప్పలేం, ఫొటోలో తప్పు దొరకలేదు అని మాత్రమే చెప్పగలం. విరిగిపోయిన అసలు పెన్ను మూత, నకిలీ బాడీ, ఎక్కడిదో అసలు పాళీ కలిపి ఒకటి చేసి అమ్మేవాళ్లున్నారు. దేనికది విడిగా ఫొటో తీస్తే అన్నీ పాసవుతాయి. అందుకే మూత తీసి పక్కన పెట్టి, రెండూ ఒకే ఫొటోలో ఒకే వెలుగులో వచ్చేలా ఒకటి అడగడం మంచిది. మూత నలుపు, బాడీ నలుపు ఒకే నలుపో కాదో అప్పుడు తెలుస్తుంది.

మేష్టారికి ఇంకా ఆశ చావలేదు. ఆయన కోసం చివరి ఫొటో ఒకటి అడిగించాను. 146లోనూ 149లోనూ సిరా బాడీలోకే నేరుగా ఎక్కుతుంది. తోక దగ్గరి గుండీ తిప్పితే అది పైకి లేస్తుంది, లోపల పిస్టన్ కిందికి దిగుతుంది. పాళీ పట్టు పైన, మరల దగ్గర, సిరా ఎంతుందో చూసుకునే చారల కిటికీ ఉంటుంది. నకళ్లలో ఎక్కువ వాటికి ఆ యంత్రాంగం ఉండదు. బాడీ నడుం దగ్గర మర విప్పితే లోపల రూపాయల్లో దొరికే కన్వర్టర్ ఒకటి ఉంటుంది. ఇదే వరసలో సన్నటి 145కు మాత్రం కన్వర్టర్ ఉండటం సహజం, దాన్ని దీనితో కలిపి చూడకూడదు. "గుండీ తిప్పి, పైకి లేచినప్పుడు ఒక ఫొటో పంపమనండి" అన్నాను.

పావుగంట తరవాత జవాబొచ్చింది. "గుండీ గట్టిగా బిగుసుకుపోయింది సార్, బలవంతం చేస్తే విరుగుతుంది. మీరు పెద్దవాళ్లు కాబట్టి పన్నెండుకు ఇచ్చేస్తాను."

మేష్టారు ఫోను బోర్లించి పెట్టి, లాల్చీ జేబులోంచి ఒక పాత నల్ల పెన్ను తీశారు. "సరే గానీ, నీ పరీక్షలన్నీ దీనికి పెట్టు చూద్దాం. ఉద్యోగంలో చేరిన ఏడు రాజమండ్రిలో కొన్నాను."

నా పరీక్షలేవీ దానికి పనికిరాలేదు. రాజమండ్రిలో కె.వి. రత్నం 1930లలో స్వదేశీ ఉద్యమం వేడిలో మొదలుపెట్టిన పెన్నుల పని, 1935లో గాంధీజీ నుంచి మెచ్చుకోలు ఉత్తరం అందుకున్న పని, చేత్తో ఎబొనైట్ కడ్డీని చిత్రిక పట్టి చేసేది. అచ్చు లేదు కాబట్టి అతుకు లేదు. కానీ ట్యూబ్‌లైటు గీత మేష్టారి పెన్ను మీద కొంచెం వణికింది, అది ఉలి పట్టిన చేతి వణుకు. అలాంటి రెండు పెన్నులను పక్కపక్కన పెట్టి కాగితం చీలికతో కొలిస్తే రెండూ సమానంగా రాకపోవచ్చు. అక్కడ తేడా ఉండటం నకలుకు గుర్తు కాదు.

నలుపు కూడా నలుపుగా లేదు. ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు, ఎండా వెలుతురూ తగిలేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. మేష్టారి పెన్ను మూత అంతా పాత తాటాకు రంగులో ఉంది. ఆయన్ని అడిగి క్లిప్పును జాగ్రత్తగా కొంచెం పక్కకు తిప్పాను. దాని కింద, సరిగ్గా క్లిప్పు వెడల్పున, కొన్ననాటి నలుపు నిగనిగలాడుతూ ఉంది.

"ఇది ఫొటో తీసి వాడికి పంపు" అన్నారు మేష్టారు.